ఒక సమాధాన లేఖ

గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో అడుగుపెట్టినవారికి మొదట కంటబడేవి బండరాళ్లు. ఎవరో తీరికగా ఒకదానిమీద ఒకటి పేర్చి పోయినట్లుంటాయి. ప్రహరీకి ఆవల అద్దాల మేడలు, వాటిలో రాత్రింబవళ్లు సాగే కంప్యూటరు కొలువులు. ఈవల, ఈ బండల నడుమ, 1988లో నెలకొల్పిన తులనాత్మక సాహిత్య కేంద్రం ఉన్నది. రెండు భాషల సాహిత్యాలను పక్కపక్కన పెట్టి పరిశీలించడం అక్కడివారి వృత్తి. అక్కడ డాక్టరేటు పట్టానికి పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి, నాకు అన్న వరసైనవారి కుమార్తె, ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చి కొన్ని కాగితాలు నా చేతిలో పెట్టినది.

"చూడండి బాబాయిగారూ, నేను పక్షపాతినట!" అన్నది. గొంతులో కోపం కంటె కన్నీరే ఎక్కువగా వినిపించినది.

సంగతి ఇది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రమును, ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అనే ఆంగ్ల నవలను పోల్చి ఆమె ఒక వ్యాసం వ్రాసినది. అది ఆమె సిద్ధాంత గ్రంథానికి నడిమి అధ్యాయం. అది కూలితే మూడేళ్ల శ్రమ కూలినట్లే. ఆ వ్యాసాన్ని ఒక పరిశోధన పత్రికకు పంపినది. ఇటువంటి పత్రికలవారు వచ్చిన వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన వేరొక పండితునికి పంపి అభిప్రాయం అడుగుతారు. ఆ పండితుని పేరు రచయితకు తెలియదు, రచయిత పేరు పండితునికి తెలియదు. ఆ అజ్ఞాత పరీక్షకుడు వ్రాసిన దాని సారాంశం ఇంతే: మీ పోలికలో ఆంగ్ల సంప్రదాయం కొలిచేది, తెలుగు సంప్రదాయం కొలవబడేది. కనుక మీ చట్రమే ఒక వైపు ఒరిగి ఉన్నది. ఆంగ్ల నవలను పక్కనబెట్టి ఈ గ్రంథాన్ని మన ప్రబంధ సంప్రదాయంలోనే చదవండి.

దీనికి ఆమె ఆ రాత్రే నాలుగు పుటల జవాబు వ్రాసినది. పంపకుండా తెచ్చి చూపడం ఆమె చేసిన మంచి పని. అందులో మూడు వాదాలున్నాయి. ఆంగ్ల నవలతో సంబంధాన్ని గ్రంథకర్తే ఒప్పుకొన్నారు; నేను తెలుగుదానను, తెలుగుపై నాకు చిన్నచూపు ఎందుకుంటుంది; పరీక్షకులు వ్యాసం సరిగా చదవలేదు. మొదటిది నిజమే. వీరేశలింగంగారు తమ స్వీయచరిత్రలో, గోల్డ్‌స్మిత్ కథను తెనిగించబూని, కొంత దూరం పోయి, అది పొసగదని మానుకొని, స్వతంత్రంగా కథ అల్లినట్లు చెప్పుకొన్నారు. మూడవది కోపంలో వచ్చిన మాట. రెండవది అసలు సమాధానమే కాదు. పరీక్షకుడు ఆమె మనసును గూర్చి మాట్లాడలేదు, ఆమె చేతిలోని కొలబద్దను గూర్చి మాట్లాడినాడు. తెలుగు పండితుని చేతిలో సైతం విలాయతీ గజం ఉండవచ్చు. కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వ విచారము 1914లో వెలువడినప్పుడు లేచిన దుమారమంతా ఆ గజం గురించే గదా!

"కోపం సంగతి తరువాత చూద్దాం తల్లీ, ముందు నీ పట్టిక తీయి" అన్నాను.

కథ మరచినవారి కోసం రెండు మాటలు. ధవళేశ్వరంలోని సంపన్న గృహస్థు రాజశేఖరుడు ఇచ్చకాలకు లొంగి, బంగారం చేసిపెడతానన్న బైరాగి చేతిలో మోసపోయి, ఉన్నదంతా పోగొట్టుకొంటాడు. భార్యాబిడ్డలతో కాశీయాత్రకని బయలుదేరి దారిలో నానా కష్టాలు పడతాడు, చెరసాల చూస్తాడు. చనిపోయిందనుకొన్న కూతురు రుక్మిణి తిరిగి వస్తుంది. రామరాజు అనే పేరుతో మసలిన మనిషి నిజానికి పెద్దాపురం ప్రభువైన కృష్ణజగపతి అని తేలి, అందరికీ న్యాయం జరుగుతుంది. గోల్డ్‌స్మిత్ కథలో ప్రింరోజ్ అనే మతాచార్యుడు ఆస్తి పోగొట్టుకొంటాడు, చెరసాల పాలవుతాడు. చనిపోయిందనుకొన్న కూతురు ఒలీవియా తిరిగి వస్తుంది. బర్చెల్ అనే సామాన్యుడు నిజానికి ఆ సీమకు పెద్ద జమీందారని తేలుతుంది.

పట్టికలో ఏడు వరుసలున్నాయి. ఎడమ వైపు ఆంగ్ల గ్రంథం, కుడి వైపు తెలుగు గ్రంథం, చివర ఆమె తీర్పు. నేను ఆ చివరి గడులను మాత్రం గట్టిగా చదవమన్నాను. తెలుగు గ్రంథం ఆంగ్లాన్ని పోలిన ప్రతిచోటా 'ప్రభావం' అని ఉన్నది. పోలని ప్రతిచోటా 'ప్రబంధ వాసన' అనో, 'లోపం' అనో ఉన్నది. నాలుగో వరుస చదివేసరికి ఆమె గొంతు తగ్గినది. మన సంప్రదాయం ఆ పట్టికలో ఒక్క గుణానికీ కారణం కాలేదు. తప్పులకు మాత్రమే కారణమైనది. ఇదే పరీక్షకుడు చెప్పినది.

ఇటువంటి ఒరుగుడును కనిపెట్టడానికి సులభమైన ఉపాయం కొలబద్దను తిరగవేయడమే. రాజశేఖర చరిత్రము గోదావరి వర్ణనతో, ధవళగిరి వర్ణనతో, అక్కడి దేవాలయంతో మొదలవుతుంది. ఆమె దీనిని కథకు అడ్డుపడే ప్రబంధ వాసన అన్నది. సరే, ఇప్పుడు ప్రబంధం చదివి పెరిగిన పాఠకుని కళ్లతో గోల్డ్‌స్మిత్‌ను చదవండి. ఆ కథ ఊరిని గాని ఏటిని గాని చూపకుండా, వివాహం గురించి ఆచార్యులవారి అభిప్రాయంతో మొదలవుతుంది. దానిని స్థలవర్ణన లేని లోపమని ఎవరైనా వ్రాస్తారా? వ్రాయరు. అయితే రెండవదానిని మాత్రం లోపమనడానికి ఆధారమేమిటి? పైగా ఆ గుడి దగ్గరనే కథాపురుషుడు మనకు పరిచయమవుతాడు. ఆయన వెంట ఇంటికి చేరే ఇచ్చకాలవారితోనే పతనం మొదలవుతుంది. ఆ వర్ణన కథకు గడప.

మారువేషపు రాజు సంగతి ఇంకా చిక్కు. అది గోల్డ్‌స్మిత్ నుండి వచ్చినదని ఆమె ఒక్క వాక్యంలో తేల్చివేసినది. మారువేషంలో తిరిగి ప్రజల మంచిచెడ్డలు తెలుసుకొనే రాజు మన కథలలో పాతవాడే. విక్రమార్కుని కథలు విన్న ప్రతి పిల్లవాడికీ వాడు తెలుసు. రెండు ఇళ్లలోనూ ఉన్న వస్తువు మూడో ఇంట్లో కనబడితే, ఎవరింటి నుండి వచ్చినదో ఆ వస్తువొక్కటే చెప్పలేదు. కాని, కుటుంబ పతనం, చెర, పోయిన కూతురి రాక, చివర మారువేషం తొలగి న్యాయం జరగడం, ఇవన్నీ కలిసి రెండు గ్రంథాలలోనూ ఉన్నవంటే అది యాదృచ్ఛికమనడం కష్టం. దీనికి గ్రంథకర్త మాట తోడు. అంటే ఆమె నిర్ణయం నిలిచినది, ఆమె చూపిన ఆధారం నిలవలేదు. పూసను చూపి వాదించినది. హారాన్ని చూపి వాదించవలసినది.

మరి పరీక్షకుడు చెప్పినదంతా సరేనా? కాదు. ఆంగ్ల నవలను పూర్తిగా పక్కనబెట్టమనడం గ్రంథకర్త నోరు నొక్కడమే. పోలికను విడిచిపెడితే ఒక ముఖ్యమైన భేదం కూడా కనబడకుండా పోతుంది. గోల్డ్‌స్మిత్ కథను ఆచార్యుడే స్వయంగా చెబుతాడు. ఆయన అమాయకత్వం ఆయన మాటలలోనే బయటపడి మనకు నవ్వు తెప్పిస్తుంది. వీరేశలింగంగారు ఆ పద్ధతిని తీసుకోలేదు. తాము బయట నిలబడి కథ చెప్పినారు. స్వర్ణయోగాన్ని, జ్యోతిషాన్ని, దయ్యాల భయాన్ని ఖండించదలచిన సంస్కర్తకు, మోసపోయేవాని నోటితో కథ చెప్పించడం ఎట్లా కుదురుతుంది? ఆమె తన పట్టికలో దీనిని కూడా లోపాల కిందనే వేసినది. నిజానికి అది ఎదుట నమూనాను పెట్టుకొని, తెలిసి చేసిన నిరాకరణ. ఆ నమూనా మన ముందు లేకపోతే ఆ నిరాకరణ మనకు తెలియదు. పైగా పరీక్షకుడు 'మన సంప్రదాయం' అంటే ప్రబంధమొక్కటే అన్నట్లు వ్రాసినాడు. అష్టాదశ వర్ణనల ప్రబంధం వేరు, రచ్చబండ మీద చెప్పుకొనే కథ వేరు. రాజు మారువేషం రెండవదానికి దగ్గర. ఒరుగుడు ఆయన కొలబద్దలోనూ కొంత లేకపోలేదు.

పేరు సంగతి కూడా తేల్చుకోవలసి వచ్చినది. వ్యాసం శీర్షికలో 'తొలి తెలుగు నవల' అని ఉన్నది. 1878లో వివేకవర్ధనిలో వెలువడిన ఈ గ్రంథాన్ని పంతులుగారు వచన ప్రబంధమన్నారు. అంతకు ముందే 1872లో శ్రీరంగరాజ చరిత్రము వ్రాసిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు తమ గ్రంథాన్ని నవీన ప్రబంధమన్నారు. 'నవల' అనే మాట ఆ తరువాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారి విమర్శ ద్వారా వాడుకలోకి వచ్చినది. 'తొలి' మీద వివాదం ఉన్నది, 'నవల' తరువాత తగిలించిన పేరు. శీర్షికలోనే తీర్పు చెప్పి, లోపల విచారణ జరిపితే ఎట్లా? ఆ రెండు మాటలు కొట్టివేయడానికి ఆమెకు చాలా బాధ కలిగినది. వ్యాసానికి ఆకర్షణంతా అక్కడనే ఉన్నదని ఆమె అనుకొంటున్నది.

మధ్యాహ్నం భోజనాల తరువాత కొత్త లేఖ వ్రాసినది. పరీక్షకుని ప్రతి అభ్యంతరాన్ని ఆయన మాటలలోనే ముందు ఎత్తి వ్రాసి, దాని కింద తన సమాధానం, ఆ కింద వ్యాసంలో ఏ పుటలో ఏమి మార్చినదీ చూపినది. మొదటి పేరా నాకు చదివి వినిపించినది: "నా పట్టికలో తెలుగు సంప్రదాయం దోషాలకు మాత్రమే కారణంగా కనబడుతున్నదన్న మీ అభ్యంతరం సరియైనది. ఏడు అంశాలను ఇప్పుడు రెండు దిక్కులనుండి కొలిచినాను. తీర్పు గడిని తొలగించి, ప్రతి లక్షణం ఏ సంప్రదాయంలో ముందే ఉన్నదో తెలిపే రెండు గడులు చేర్చినాను." నిరాకరించిన చోట కూడా గొంతు పెంచలేదు: "ఆంగ్ల నవలను తొలగించవలెనన్న సూచనను స్వీకరించలేకపోతున్నాను. ఆ సంబంధం నేను ఆరోపించినది కాదు, గ్రంథకర్త చెప్పినది. దానిని తొలగిస్తే, కథను ఎవరి నోట చెప్పించవలెననే విషయంలో ఆయన చేసిన స్వతంత్ర నిర్ణయం పాఠకునికి కనబడదు."

నాలుగు పుటలు ఒకటిన్నర అయినవి. 'నేను తెలుగుదానను' అన్న వాక్యం ఎక్కడా లేదు. చివర మాత్రం "మీరు వ్యాసాన్ని ఇంకొకసారి శ్రద్ధగా చదువుతారని ఆశిస్తాను" అని ఒక పుల్ల విరుపు మిగిలి ఉన్నది. దానిని కొట్టివేయమన్నాను.

"అదొక్కటీ ఉండనివ్వండి బాబాయిగారూ" అన్నది.

"ఆయన శ్రద్ధగా చదివినందువల్లనే గదమ్మా నీ పట్టిక మారినది" అన్నాను. కాసేపు కలం పట్టుకొని కూర్చుని, ఆ వాక్యం కొట్టివేసి, అభ్యంతరం వల్ల వ్యాసం ఎక్కడ బాగుపడినదో ఒక వాక్యంలో వ్రాసినది. లేఖ మంగళవారం నాడు పంపినది. జవాబు ఇంకా రాలేదు.