పాప పేరు ఏ వాక్యంలో ఉంది?

ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో సిబ్బంది కోసం నడిపే లోపలి ఛానళ్ళకు చిన్న వీడియోలు రాయడం నా పని. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితాన్ని 40 సెకన్ల షార్ట్‌గా మార్చమని అడుగుతుంటారు. దాన్ని ఎలా మారుస్తామో, ఎక్కడ బోల్తా పడతామో ఇవాళ ఒక్క నోటీసు పట్టుకుని చెబుతాను. నగరం శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ అనుకోండి. నోటీసు ఇలా ఉంది, వినండి.

‘సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థ సామూహిక ఆరోగ్య బీమా పునరుద్ధరణలో భాగంగా, అర్హులైన ఉద్యోగులు తమపై ఆధారపడిన కుటుంబ సభ్యుల వివరములను నవంబరు 20వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు పోర్టల్ నందు ధ్రువీకరించుకొనవలెను. సదరు గడువు అనంతరం ఎట్టి మార్పులు అనుమతించబడవు. పాలసీ కాలంలో వివాహము లేదా సంతానము కలిగిన యెడల 30 దినములలోపు దరఖాస్తు చేసుకొన్నచో పరిశీలించబడును.’

ఇందులో తప్పేమీ లేదు. బీమా కంపెనీతో పేచీ వస్తే అక్కరకొచ్చేది ఈ కాగితమే. కాబట్టి షార్ట్ వచ్చింది కదా అని నోటీసు తీసెయ్యకూడదు. రెండూ ఉండాలి, షార్ట్ కింద నోటీసు లింకు ఉండాలి.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు దీనికి మొదట రాసిన స్క్రిప్టు ‘హాయ్ ఫ్రెండ్స్, మీకో గుడ్ న్యూస్!’ అని మొదలైంది. వెనక సినిమా పాట ట్యూను, ఒక డైలాగు, తర్వాత నోటీసులోని మూడు వాక్యాలు యథాతథంగా. కాగితానికి పూలదండ వేశాడన్నమాట. కబురు మాత్రం కాగితంలాగే ఉంది. పైగా గుడ్ న్యూస్ అనగానే బోనస్ ఏమో అనుకుంటారు. బీమా అని తెలిశాక వేలితో పైకి తోసేస్తారు.

నేనైతే రాయడానికి ముందు హెచ్ఆర్ వాళ్ళను ఒకే ప్రశ్న అడుగుతాను. ‘ఈ నోటీసు ఎవరూ చదవకపోతే ఎవరికి నష్టం?’ వాళ్ళు చెప్పిన జవాబు నోటీసులో ఎక్కడా లేదు. పాత పేర్లు వచ్చే ఏడాదికి వాటంతటవే కొనసాగుతాయి. పోయిన ఏడాదిలో పెళ్ళయినవాళ్ళు, బిడ్డ పుట్టినవాళ్ళు మాత్రం కొత్త పేరు చేర్చకపోతే ఆసుపత్రి మెట్లెక్కాక తెలుసుకుంటారు, పాప పేరు జాబితాలో లేదని. అంటే అందరికీ రాసిన ఈ నోటీసు నిజానికి కొందరి ఇంటి సంగతి. షార్ట్ అక్కడ మొదలవ్వాలి.

రాసుకున్నది ఇది. ‘ఈ ఏడాది మీ ఇంట్లోకి కొత్త మనిషి వచ్చారా? భార్యో, భర్తో, పాపో, బాబో? వాళ్ళ పేరు మన హెల్త్ ఇన్సూరెన్స్‌లో దానంతటది చేరదు. మీరే చేర్చాలి. పోర్టల్ తెరవండి, ‘నా కుటుంబం’ నొక్కండి. పేరు, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో అలాగే కొట్టండి. నవంబరు 20, గురువారం, సాయంత్రం 5 లోపు. ఆ తర్వాత బీమా కంపెనీ జాబితా మూసేస్తుంది. కొత్తవాళ్ళెవరూ రాలేదా? ఉన్న పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి.’

మాటలు యాభైకి కాస్త ఎక్కువ. తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి నిదానంగా చదివితే 35 నుంచి 40 సెకన్లు పడుతుంది. ఇంగ్లీషు స్క్రిప్టు లెక్క చూసి మాటలు నింపితే చదివేవాడికి ఊపిరి ఆడదు.

‘అనుమతించబడవు’ ఏమైందో గమనించారా? అనుమతించనిది ఎవరు? నోటీసు చెప్పదు. చదివినవాడు హెచ్ఆర్‌ను తిట్టుకుంటాడు. జాబితా మూసేది బీమా కంపెనీ అని చెప్పగానే వాక్యం మామూలు మనిషి మాట అయింది, కోపం కూడా తగ్గింది. -బడును, -బడవు అన్నచోటల్లా ఆ పని చేసేదెవరో వెతికి ముందు పెడితే సగం తిరగరాత అయిపోయినట్టే.

‘పరిశీలించబడును’ దగ్గర మాత్రం నేనే బోల్తా పడ్డాను. చివర్లో ఒక వాక్యం పెట్టాను: ‘తర్వాత బిడ్డ పుట్టినా కంగారు లేదు, 30 రోజుల్లో చెబితే చేర్చేస్తాం.’ వినడానికి ఎంత బాగుందో! హెచ్ఆర్‌లో ఒకావిడ దాని కింద ఎర్ర గీత గీసి, ‘చేర్చేస్తాం అని మనం ఎలా చెబుతాం సార్? కాగితాలు చూసి ఒప్పుకోవాల్సింది బీమా కంపెనీ కదా’ అన్నారు. నిజమే. స్నేహంగా చెప్పబోయి మాట ఇచ్చేశాను. రేపు ఒక తండ్రి ఆ వీడియో చూపించి నిలదీస్తే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అందుకే స్క్రిప్టు పూర్తయ్యాక నోటీసు పక్కన పెట్టుకుని మూడు మాత్రం వేలు పెట్టి సరిచూస్తాను: తేదీ, అంకె, ‘చేస్తాం’కీ ‘చూస్తాం’కీ ఉన్న తేడా. ఆ 30 రోజుల వాక్యాన్ని ఈ షార్ట్‌లోంచి పూర్తిగా తీసేశాం. అది ఎక్కడికి వెళ్ళిందో చివర్లో చెబుతాను.

ఇక తెర మీద అక్షరాలు. షిఫ్టు బస్సులో, క్యాంటీన్‌లో చాలామంది సౌండు తీసేసి చూస్తారు కాబట్టి మాటలన్నీ కింద పడాలి. తెలుగుకు ఇక్కడ ఒక చిక్కుంది. వరుసల మధ్య జాగా తక్కువైతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వత్తును విడగొట్టి పక్కన పడేస్తాయి. కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది, వీడియోగా బయటికి తీశాక చూస్తే ‘ఇన్సూరెన్స్’ ముక్కలై ఉంటుంది. అందుకే తయారైన ఫైలును ఫోన్‌లో ఒకసారి చూడాల్సిందే. ఒకసారికి రెండు వరుసలు, వరుసకు మూడు నాలుగు మాటలు చాలు. మరీ అడుగున పెడితే యాప్ బటన్లు కప్పేస్తాయి. నోటితో ‘ఇరవయ్యో తారీఖు’ అన్నా, తెర మీద 20 అని అంకెలోనే ఉండాలి.

కెమెరా ముందు హెచ్ఆర్ పెద్దసారు వద్దు. ప్యాకింగ్ విభాగంలో ఈ మధ్యే పేరు చేర్చుకున్న అన్న ఉంటే ఆయన్ని అడగండి, ఇష్టపడితేనే. ఆయన పాప ఫొటో మాత్రం తెర మీదికి తేవద్దు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు లైన్‌లో ఉంటే వాళ్ళ భాషలో వేరే షార్ట్ తీయండి. ఒకే తెర మీద మూడు భాషల అక్షరాలు పేరిస్తే ఎవరూ చదవలేరు.

అన్నట్టు, ప్రతి నోటీసూ ఇలా మార్చడానికి పనికిరాదు. ఉద్యోగాల కోత, జీతం తగ్గింపు, ఎవరిమీదైనా విచారణ లాంటివి నవ్వుముఖంతో చెబితే గాయం మీద కారం చల్లినట్టే. అవి పై అధికారి ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటలు.

విడుదలకు ముందు నోటీసు చదవని మనిషికి ఒకసారి చూపించి, ‘ఏం చేస్తావ్? ఎప్పటిలోగా?’ అని అడుగుతాం. ఈ షార్ట్‌ను క్యాంటీన్‌లో టీ ఇచ్చే తమ్ముడికి చూపిస్తే రెండూ ఠక్కున చెప్పాడు. చెప్పి, ‘అమ్మానాన్నల్ని కూడా చేర్చొచ్చా?’ అన్నాడు. నోటీసులోని ‘ఆధారపడిన కుటుంబ సభ్యులు’ అన్న మాటలో దాగిపోయిన ప్రశ్న అది. విడుదలయ్యాక కామెంట్లలో అందరూ అడిగింది కూడా అదే. చూసినవాళ్ళ లెక్క కన్నా ఆ కామెంట్లే నాకు ఎక్కువ పనికొచ్చాయి. హెచ్ఆర్‌ను కనుక్కుని, దానికి జవాబుగా మర్నాడు 15 సెకన్లలో ఇంకో ముక్క పెట్టాం.

21వ తేదీ పొద్దున్నే రెండింటినీ ఛానల్‌లోంచి తీసేశాం. ఉంచితే వచ్చే ఏడాది ఎవరో ఒకరు ఆ 20వ తేదీని నమ్ముకుంటారు. వాటి చోట పక్కన పెట్టిన ఆ 30 రోజుల వాక్యం ఏడాది పొడుగునా ఉండేలా చేరింది: ‘పెళ్ళయిందా? బిడ్డ పుట్టిందా? 30 రోజుల్లోపు కాగితాలతో హెచ్ఆర్‌కు రండి. బీమా కంపెనీకి పంపి అడుగుతాం.’