చంద్రుడు దూరమగుట

సముద్రపు పోటు చంద్రుని ఆకర్షణవలన వచ్చునని శ్రోతలెరుగుదురు. కాని ఆ నీటి ఉబ్బు సరిగా చంద్రుని క్రిందనే నిలువదు. చంద్రుడు భూమిని చుట్టివచ్చుటకంటె వడిగా భూమి తన చుట్టు తాను తిరుగుచు, ఉబ్బును కొంచెము ముందునకు మోసికొనిపోవును. చంద్రుడు దానిని వెనుకకు గుంజగా భూభ్రమణము మందగించును. ఉబ్బును చంద్రుని అంతే బలముతో ముందునకు గుంజును.

ఈ బలములు సమానములు, పరస్పర వ్యతిరేకములు. అంతమాత్రము చాలదు, రెండును ఒకే సరళరేఖపై పనిచేయుచున్నవి. ఏ బిందువునుండి కొలిచినను ఆ రేఖకు గల లంబదూరము రెంటికిని ఒక్కటే. బలమును ఆ దూరముచే గుణించగా వచ్చునదే భ్రామకము, అనగా త్రిప్పెడి ప్రభావము. ఒకటి కుడికి ఎంత త్రిప్పునో, రెండవది ఎడమకు అంతే త్రిప్పును; మొత్తము సున్న. ఆ బలములే వేరువేరు సమాంతర రేఖలపై నున్నచో, వెలుపలివారెవరును తాకకయే వ్యవస్థ తిరుగనారంభింపవలసివచ్చును!

కోణీయ ద్రవ్యవేగమును మార్చునది భ్రామకమే. కావున భూమి కోల్పోయినది చంద్రుని కక్ష్యకు చేరును. రెంటి మొత్తము మారదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై ఒక దర్పణ ఫలకము నుంచిరి. అట్టివానిపైకి లేసరు కాంతిని పంపి కొలువగా, చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నట్లు తేలినది. శక్తి మాత్రము అట్లు పూర్తిగా చేతులు మారదు. అధికభాగము సముద్రపు రాపిడిలో వేడిగా మారిపోవును. సూర్యుడు కలిగించు పోటు వేరు. ఆతడు ఈ ఇద్దరికిని వెలుపలివాడు, ఆతని భ్రామకము ఈ లెక్కలో కొట్టివేయబడదు.