చీర మడత కొలిచాకే అల్మారా

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



క్రిందటేడు మా చెల్లెలు విజయవాడలో చిన్న ఇల్లు కట్టుకుంది. రెండు గదులు, ఒక వంటిల్లు, గదుల మధ్య సన్నని నడవ, పక్కనుంచి మేడ మీదికి మెట్లు. గోడలు నడుమెత్తు లేచాక నాకు కబురు చేసింది. "అక్కా, మేస్త్రీ అల్మారాలు ఎక్కడ, అటక ఎక్కడ అని అడుగుతున్నాడు. నాకేమీ తోచడం లేదు. ఒక్కసారి వచ్చి చూడు" అని. నేను ఒక టేపూ, ఒక నోటుబుక్కూ పట్టుకుని వెళ్లాను. ఇందులో నాకు పెద్ద చదువేమీ లేదు. నా సొంత ఇంట్లో చేసిన పొరపాట్లే నా చదువు.

ముందు ఆ పొరపాటు చెప్తాను. మా ఇంట్లో బట్టల అల్మారా 2 అడుగుల లోతున చేయించాను. లోతు ఎంత ఎక్కువైతే అంత లాభమనుకున్నాను. మడత చీర అంత లోతు అడగదు కదా, అందుకని ముందొక వరస, వెనకొక వరస పెట్టాను. వెనక వరస కంటికి కనపడదు, కాబట్టి చేతికీ అందలేదు. రెండు వర్షాకాలాలు గడిచాక మేనకోడలి పెళ్లికని నా పెళ్లినాటి పట్టుచీర తీశాను. మడత మడతకీ బూజు. జరీ నల్లబడింది. విప్పుతుంటే మడత వెంబడి పట్టు చిట్లింది. తర్వాత తెలిసింది, ఆ అల్మారా వెనక గోడకి అవతల ఉన్నది స్నానాల గది. గోడలోని చెమ్మంతా ఆ చీర పీల్చుకుంది. ఆ చీర ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కట్టుకోవడానికి మాత్రం పనికిరాదు.

అందుచేత మా చెల్లెలి ఇంట్లో మొట్టమొదట గోడ కొలవలేదు, చీర కొలిచాం. చీర పన్న 45 అంగుళాల పైచిలుకు. దాన్ని నాలుగు మడతలు వేస్తే 12 అంగుళాల లోపు వస్తుంది. అయిదున్నర మీటర్ల పొడవుని సగానికి సగంగా నాలుగుసార్లు మడిస్తే 14 అంగుళాలకు కాస్త తక్కువ. అంటే మడత చీరకి తలుపు పోను 15 అంగుళాల లోతు చాలు. హ్యాంగరుకి తగిలించే చొక్కాల సంగతి వేరు. హ్యాంగరు వెడల్పే 17, 18 అంగుళాలు, దాని మీద భుజాలు అటూ ఇటూ జారతాయి. లోపల 22 అంగుళాలన్నా లేకపోతే తలుపు వేసినప్పుడల్లా చొక్కా చేతులు నలుగుతాయి. ఈ రెండింటినీ ఒకే అల్మారాలో ఇరికించబట్టే నాకు వెనక వరస అనేది ఏర్పడింది.

మా చెల్లెలికి చీరలు 60 లెక్క తేలాయి. గంజి పెట్టిన నేతచీర మడత ఇంచుమించు అంగుళం మందం ఉంటుంది. ఒక దొంతిలో ఎనిమిదికి మించితే అడుగు చీర లాగినప్పుడు పైవన్నీ కూలతాయి. 30 అంగుళాల వెడల్పు అరలో రెండు దొంతులు, అంటే 16 చీరలు. నాలుగు అరలు చేస్తే 60 చీరలూ పట్టి, ఇంకో నాలుగింటికి చోటు మిగులుతుంది. అరకీ అరకీ మధ్య 11 అంగుళాలు వదిలాం, చెయ్యి దూరడానికి. మొత్తం ఎత్తు 4 అడుగులు. లోతు తక్కువ కనుక ఈ అల్మారాని నడవ గోడకే పెట్టించాం. 2 అడుగుల అల్మారా అయితే ఆ నడవలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. హ్యాంగర్ల అల్మారా పడకగదిలోకి వెళ్లింది. అర వెడల్పు 30 అంగుళాల దగ్గర ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ పలక 3 అడుగులు దాటితే, నడుమ ఆధారం లేకుండా బట్టల బరువుకి కొన్నాళ్లకి కిందికి వంగుతుంది.

ఇక చెమ్మ సంగతి. ఇప్పటికే కట్టి ఉన్న ఇంట్లో అల్మారా పెట్టించేవారు వడ్రంగిని పిలిచే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చేటంత పాలిథిన్ కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత విప్పి చూస్తే కాగితానికి గోడ వైపున నీటి బొట్లు కనబడితే చెమ్మ గోడలోనే ఉందన్న మాట. గది వైపున తేమ పడితే అది గదిలోని గాలిది, కిటికీ తెరిస్తే పోతుంది. గోడలోనే చెమ్మ ఉంటే ముందు గొట్టమో, బయటి పగులో బాగుచేయించాలి. తర్వాతే అల్మారా. పైపైన రంగు వేయించి ముందర అల్మారా నిలబెడితే పొక్కులు కనపడవు, అంతే. మా చెల్లెలి ఇంట్లో గోడ కొత్తది, అయినా అల్మారా వీపుని గోడకి ఆనించకుండా అంగుళం ఎడం పెట్టించాం. తలుపుల పైనా కిందా వేలు పట్టే కంతలు పెట్టించాం. అడుగున 4 అంగుళాల దిమ్మ కట్టించాం, ఇల్లు తుడిచిన నీళ్లు చెక్కకి తగలకుండా. చెదలు కూడా నేల నుంచే మట్టి గొట్టాలు కట్టుకుంటూ ఎక్కుతాయి. దిమ్మ ఉంటే ఆ మట్టి గీత మన కంటపడుతుంది, లేకపోతే చెక్క లోపలి నుంచి తినేదాకా తెలియదు.

పట్టుచీరల దగ్గర కలరా ఉండలు వేసే అలవాటు చాలామందికి ఉంది. వాటిని జరీకి తగలనివ్వకండి, గుడ్డలో మూటకట్టి అర మూలన ఉంచండి. చీరల్ని పాత పంచె ముక్కలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఆరేసి, మడత చోటు మార్చి పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కంటే ఇదే మేలు.

అటక దగ్గరికి వద్దాం. ఇంటి పైకప్పు 10 అడుగుల ఎత్తు. కిటికీల మీద వచ్చే లింటల్ మట్టం 7 అడుగులు. ఆ మట్టంలోనే 3 అంగుళాల సిమెంటు పలక పోయిస్తే పైన రెండుంముప్పావు అడుగుల ఎత్తు చోటు దక్కుతుంది. ఇది గోడ కట్టేటప్పుడే తేల్చుకోవలసిన పని. కట్టేసిన గోడలో తర్వాత పలక దింపాలంటే తొలవాలి. అపార్టుమెంటులో అయితే మేస్త్రీని స్తంభాల మీదా, దూలాల మీదా సుత్తి వెయ్యనివ్వకూడదు. మేస్త్రీ 3 అడుగుల లోతు అటక వేస్తానన్నాడు. మా చెల్లెలు సంతోషించింది గాని, నేను ఒప్పుకోలేదు. నిచ్చెన మీద నిలబడి చెయ్యి చాపితే అందేది 2 అడుగులు. ఆ పైన ఉన్నదాన్ని కర్రతో లాక్కోవాలి.

కర్ర అనేసరికి మా అత్తగారు గుర్తొస్తారు. ఒక సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టె దించుదామని కుర్చీ మీద పీట వేసుకుని ఎక్కారు. పెట్టె బరువు చేతి మీద పడేసరికి పీట జారింది. తుంటి ఎముక విరిగింది. తర్వాత ఆవిడ కర్ర లేకుండా నడవలేదు. ఆ పెట్టెలో బొమ్మలతో పాటు పాత ఇత్తడి చెంబులు కూడా ఉన్నాయి, మేమే ఎప్పుడో సర్దాం. అందుకని మా చెల్లెలికి ఒకటే చెప్పాను. నేల మీద నిలబడి ఒంటి చేత్తో తలపైకి ఎత్తగలిగినదే అటక ఎక్కాలి. ఖాళీ గుండిగలు, చుట్టాల పరుపులు, దుప్పట్లు, బొమ్మలు రెండేసి మూడేసిగా చిన్న అట్టపెట్టెల్లో. పుస్తకాలు, ఊరగాయ జాడీలు, పాత ఇనుము పైకి వద్దు. పెట్టెల మీద అంకెలు వేసి, ఏ అంకెలో ఏముందో కాగితం మీద రాసి, అల్మారా తలుపు లోపలి వైపు అంటించాం. అడుగు వెడల్పు మెట్లున్న నిచ్చెన ఒకటి కొని ఇంట్లోనే ఉంచింది. పొయ్యి పైన మాత్రం అటక వద్దన్నాను. నూనె ఆవిరి, వేడి తగిలి అక్కడ పెట్టినదంతా జిడ్డు పడుతుంది.

మెట్ల కింద చోటే అందరం పొరపాటు పడే చోటు. చూడటానికి గదంత కనపడుతుంది. మా చెల్లెలి మెట్లు 7 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు, తిన్నగా పోయే వరస. మొదటి మెట్టు నుంచి 4 అడుగుల దూరాన కొలిస్తే కింద దక్కిన ఎత్తు 2 అడుగుల 3 అంగుళాలే. 8 అడుగుల దగ్గర 5 అడుగులు. 10 అడుగులు దాటాకే మనిషి తల వంచకుండా నిలబడగలడు. ఇంకో చిక్కు, మెట్ల వెడల్పు 3 అడుగులు. పక్కనుంచి తలుపు పెడితే లోతు 3 అడుగులవుతుంది. మళ్లీ నా వెనక వరస కథే! దీనికి అరలు పనికిరావు. కింద చక్రాలున్న పెట్టెలు మూడు, ఎత్తుకి తగ్గట్టు చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ చేయించాం. బయటికి లాగితే మొత్తం పెట్టె కళ్ల ముందుకొస్తుంది. చిన్నదాంట్లో చెప్పులు, మధ్యదాంట్లో పనిముట్లు, పాత కాగితాలు, పెద్దదాంట్లో బియ్యం డబ్బా. ఎత్తుగా ఉన్న చివర చీపుళ్లు, మడత మంచం. నేల బయటి మట్టానికి 3 అంగుళాలు ఎత్తు చేయించాం, వాన జల్లు లోపలికి రాకుండా.

అక్కడే గ్యాస్ సిలిండరు కూడా పెట్టేద్దామంది మా మరిది, నప్పుతుందని. వద్దని గట్టిగా చెప్పాను. వంటగ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేలబారున పల్లంలో పేరుకుంటుంది. తలుపులు మూసిన మెట్ల కింద చోటు దానికి తొట్టి లాంటిది. పైగా కరెంటు మీటరు బల్ల ఆ గోడకే ఉంది. మంట అంటుకుంటే మేడ మీద ఉన్నవాళ్లు దిగాల్సింది ఆ మెట్ల మీదుగానే. సిలిండరు వంటింట్లోనే, గాలి ఆడే చోట, నిలువుగా ఉంది. మీటరు ముందు కూడా ఏ పెట్టే లేకుండా మూడడుగులు ఖాళీ వదిలారు.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. నడవ అల్మారాలో అడుగు అరలో పిల్లల పాత పుస్తకాలు చేరిపోయాయి. ఏమిటిది అంటే, "నాలుగు చీరలకి చోటు మిగిలిందన్నావుగా అక్కా, ఆ నాలుగూ కొనేదాకా!" అంది. సెలవు.