పంపు స్పీడు పెరిగితే నీళ్ల టెంపరేచర్ ఎందుకు గెంతింది? ఒక ప్లాంట్ రూమ్ కేబుల్ ట్రే కథ

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి గల్ఫ్‌కి వచ్చాను, ఇప్పుడు దోహాలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది నా తప్పు గురించే. ఒక చిల్లర్ ప్లాంట్ రూమ్‌లో ఒకే ఒక్క ట్రే మీద మూడు తప్పులు జరిగాయి. ఆ ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకం నాది.

ముందు ఆ రూమ్ ఎట్లా ఉంటుందో చెప్తాను. ఒక గోడ పక్కన పంపుల వీఎఫ్‌డీ ప్యానెళ్లు, ఎదురుగా ఆరు చిల్డ్ వాటర్ పంపులు. ఒక్కోటి 110 కిలోవాట్లు. పీక్ ఎండాకాలంలో ఆరూ నడుస్తాయి. ప్యానెళ్ల నుంచి పంపుల దాకా 600 మిల్లీమీటర్ల వెడల్పున్న పర్ఫొరేటెడ్ ట్రే, అంటే చిల్లుల ట్రే. దాని మీద ఆరు ఆర్మర్డ్ కేబుళ్లు, 4 కోర్ 95 స్క్వేర్. ఒక్కో కేబుల్ మందం సుమారు 42 మిల్లీమీటర్లు.

డ్రాయింగ్‌లో ఆరు కేబుళ్లూ ఒకే వరసలో ఉన్నాయి. ఒక్కోదానికీ మధ్య ఒక కేబుల్ మందం ఖాళీ ఉంది. ఆరు కేబుళ్లు, ఐదు ఖాళీలు, మొత్తం పదకొండు 42లు. అంటే 462 మిల్లీమీటర్లు. 600లో ఇంకా 138 మిగులుతుంది. కష్టాలన్నీ ఆ 138 దగ్గరే మొదలయ్యాయి.

హ్యాండోవర్‌కి పది రోజులు ఉంది. బీఎంఎస్ వాళ్ల సెన్సర్ కేబుళ్లకి వేరే ట్రే రావాలి, మెటీరియల్ ఇంకా రాలేదు. మా తమ్ముడొకడు, మన నిజామాబాద్ వైపు పిల్లగాడు, వచ్చి అడిగాడు. "అన్నా, పెద్ద ట్రేల జాగ ఉంది కదా, ఇప్పటికి గండ్లనే ఏసేద్దామా?" నేను "ఏసెయ్ తమ్మీ, తర్వాత మారుద్దాం" అన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు కంట్రోల్ కేబుళ్లు వచ్చాయి, వాటికీ జాగ కావాలి. అందుకని పవర్ కేబుళ్లు ఆరింటినీ ఒక పక్కకి జరిపి ఒకదానికొకటి ఆనించారు. చూడటానికి నీట్‌గా ఉంది. నేనూ అదే అనుకున్నాను.

వారం తర్వాత టెస్టింగ్ మొదలైంది. బీఎంఎస్ స్క్రీన్ మీద రిటర్న్ వాటర్ టెంపరేచర్ నిలవట్లేదు. 12 డిగ్రీలు ఉండాల్సింది 11, 14, 12, 15 అని గెంతుతోంది. ఆ రీడింగ్ చూసుకుని కంట్రోలర్ పంపుల స్పీడు పెంచుతుంది, తగ్గిస్తుంది. దాంతో పంపులు కూడా ఊగుతున్నాయి. బీఎంఎస్ ఇంజనీరు మలయాళీ ఆయన. సెన్సర్ ఖరాబైందని రెండు మార్చాడు. ఏం తేడా లేదు.

అప్పుడు మేము చేసిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. వీఎఫ్‌డీలను ఆటో నుంచి హ్యాండ్‌లో పెట్టాము. పంపులన్నీ ఆపితే రీడింగ్ రాయిలా నిలబడింది. ఒక పంపు నడిపితే కొంచెం కదిలింది. నాలుగు పంపులు నడిపితే గెంతడం మొదలైంది. నిజంగా నీళ్ల వేడి మారితే నిదానంగా మారుతుంది, పంపు బటన్ నొక్కిన సెకనుకే మారదు. తర్వాత ఆ ఒక్క సెన్సర్ కేబుల్‌ని ట్రే నుంచి తీసి, ఎదురు గోడ పక్కన నేల మీద పరిచి, మళ్లీ నాలుగు పంపులు నడిపాము. రీడింగ్ కదలలేదు. ఆ ఇంజనీరు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.

ఎందుకిట్లా అవుతుందో చెప్తాను. ఆ సెన్సర్ పీటీ1000 రకం. వేడి ఒక డిగ్రీ పెరిగితే దాని రెసిస్టెన్స్ 3.85 ఓమ్‌లు పెరుగుతుంది. అందులోకి ఒక మిల్లీ ఆంపియర్ పంపితే, ఒక డిగ్రీకి వచ్చే తేడా 4 మిల్లీవోల్టులు కూడా ఉండదు. పక్కనున్న కేబుల్ సంగతి చూడండి. వీఎఫ్‌డీ నుంచి మోటారుకి పోయేది మామూలు సాఫీ కరెంటు కాదు. 500 వోల్టులు దాటిన పల్సులు, సెకనుకి కొన్ని వేలసార్లు కొడుతూ ఉంటాయి. రెండు కేబుళ్లు పక్కపక్కనే ముప్పై మీటర్లు పోతే ఆ పల్సుల్లో కొంచెం సెన్సర్ వైర్లలోకి దూకుతుంది. ఆ కొంచెమే నాలుగైదు మిల్లీవోల్టులు అయితే చాలు, కంట్రోలర్‌కి అది ఒక డిగ్రీ లెక్క.

నాయిస్ సంగతి పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది. బీఎస్ 7671లో తక్కువ వోల్టేజ్ డేటా, సిగ్నల్ సర్క్యూట్లని బ్యాండ్ 1 అంటారు, మామూలు పవర్‌ని బ్యాండ్ 2 అంటారు. సెన్సర్ కేబుల్ ఇన్సులేషన్ పక్కనున్న పవర్ వోల్టేజ్‌ని తట్టుకునేది కాకపోతే రెండింటినీ కలిపి ఉంచకూడదు. వేరే ట్రే ఉండాలి, లేదా ట్రే మధ్యలో పార్టిషన్ ఉండాలి. పార్టిషన్‌తో సేఫ్టీ రూల్ తీరుతుంది. కానీ వీఎఫ్‌డీ కేబుల్ పక్కన అదొక్కటే నమ్ముకోవద్దు, దూరం కూడా కావాలి. మా ప్రాజెక్టు స్పెసిఫికేషన్‌లో ట్రేకీ ట్రేకీ మధ్య 300 మిల్లీమీటర్లు అని రాసే ఉంది. నేను చదివాను కూడా.

రెండో తప్పు ఆనించిన పవర్ కేబుళ్లు. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఒక కేబుల్ ఒంటరిగా, 30 డిగ్రీల గాలిలో 300 ఆంపియర్లు మోస్తుందని లెక్క కోసం అనుకుందాం. మా ప్లాంట్ రూమ్‌లో 45 డిగ్రీలు. ఎక్స్ఎల్‌పీఈ కేబుల్‌కి దానికి 0.87తో గుణించాలి. చిల్లుల ట్రే మీద ఆరు కేబుళ్లు ఒక మందం ఎడంతో ఉంటే ఇంకో గుణకం 0.91. అన్నీ గుణిస్తే 237 ఆంపియర్లు వస్తుంది. అవే ఆరూ ఆనుకుని ఉంటే గుణకం 0.76. అప్పుడు 198. మా 110 కిలోవాట్ల మోటారు ఫుల్ లోడ్‌లో 195 దాకా తీసుకుంటుంది. అంటే 42 ఆంపియర్ల వెసులుబాటు ఉన్నచోట 3 మిగిలింది. దాని మీద ఇంకో వరస పరిస్తే ఆ గుణకం కూడా చెల్లదు, ఎందుకంటే ఈ టేబుల్ ఒక్క వరసకే. కింద ఉన్న కేబుల్ వేడి బయటికి పోవడానికి దారి ఉండదు.

అందుకే పవర్ ట్రేలో కనిపించే ఖాళీ నిజానికి ఖాళీ కాదు, అది గాలికి ఇచ్చిన జాగ. కంట్రోల్, డేటా ట్రే లెక్క వేరు. అక్కడ కరెంటు చాలా తక్కువ, కాబట్టి ఒకదాని మీద ఒకటి వేయవచ్చు. అక్కడ చూసేది నిండుదనం. మా స్పెసిఫికేషన్‌లో 40 శాతం. 150 వెడల్పు, 50 ఎత్తు ట్రే అంటే 7,500 చదరపు మిల్లీమీటర్లు, అందులో 40 శాతం 3,000. 12 మిల్లీమీటర్ల మందం కేబుల్ ఒక్కోటి 113 తీసుకుంటుంది, అంటే 26 కేబుళ్లు. గుండ్రటి కేబుళ్ల మధ్య సందులు ఉంటాయి కాబట్టి 40 శాతానికే ట్రే బాగా నిండినట్టు కనిపిస్తుంది. కంటితో చూసి "ఇంకా పడతాయి" అనకండి, లెక్కపెట్టండి.

ఇక మూడో తప్పు. కేబుళ్లు సరిచేద్దామని నిచ్చెన ఎక్కితే ట్రే ఒకచోట బొజ్జలా దిగి కనిపించింది. సపోర్టులు 1.5 మీటర్లకి ఒకటి ఇచ్చాము. కానీ ఒకచోట పైపుల వాళ్ల వాల్వ్‌కి అడ్డం వచ్చిందని మా హ్యాంగర్ తీసేసి, పక్కన ఇంకోటి జరిపి పెట్టారు. అక్కడ దూరం 2.4 మీటర్లు అయింది. దారం లాగి కొలిస్తే 1.5 మీటర్ల దగ్గర దిగింది 5 మిల్లీమీటర్లు, ఈ సందులో 33. ఐఈసీ 61537 ప్రకారం ట్రే దిగడం దూరంలో నూరో వంతు దాటకూడదు. 2.4 మీటర్లకి అది 24.

దూరం పెరిగింది ఒకటిన్నర రెట్లకి కొంచెం ఎక్కువ, దిగింది ఆరు రెట్లకి పైన. అదెట్లా అంటారా? ఒకేలా పరిచిన బరువు కింద ట్రే దిగడం దూరంతో నాలుగుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. 1.6ని నాలుగుసార్లు గుణిస్తే ఆరున్నర. కేబుళ్లు మీటరుకి 30 కిలోలు, ట్రే 8 కిలోలు అనుకోండి. త్రెడ్ రాడ్‌కి ఆ బరువు లెక్క కాదు, రాడ్ తెగదు. నడుమ వంగేది ట్రే. పైగా ట్రే జాయింట్ సరిగ్గా ఆ సందు నడుమనే పడింది. వంపు ఎక్కువ ఉండేది నడుమనే, బలం తక్కువ ఉండేది జాయింట్ దగ్గర. జాయింట్‌ని సపోర్టు నుంచి దూరంలో పావు వంతు దగ్గర వచ్చేలా చూసుకోవాలి.

సరిచేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. వాల్వ్‌కి రెండు పక్కలా రాడ్‌లు దించి, కింద స్ట్రట్ ఛానల్ అడ్డంగా వేసి ట్రేని దాని మీద కూర్చోబెట్టాము. పైపు సపోర్టుకి మాత్రం కట్టలేదు, ఎందుకంటే పంపు నడిస్తే పైపు వణుకుతుంది, రేపు వాళ్లు పైపు విప్పితే మన ట్రే గాలిలో ఉంటుంది. పవర్ కేబుళ్లని మళ్లీ ఎడంగా జరిపి క్లీట్‌లు వేశాము. బీఎంఎస్‌కి 150 ట్రే వేరే దారిలో వేశాము, పవర్ ట్రేకి 400 దూరంలో. ఒక్కచోట దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించాము. ఆ కొత్త ట్రేని చిల్డ్ వాటర్ పైపుల కింద పోనివ్వలేదు. ఇక్కడి తేమకి ఇన్సులేషన్ ఎక్కడ తెగినా పైపు నీళ్లు కారుస్తుంది.

ఆరు పంపులూ నడిపాము. స్క్రీన్ మీద రీడింగ్ 12.1, 12.1, 12.2. నిలబడింది.

ఆ నాలుగు రాత్రులూ ఆ పిల్లగాడు నాతోనే ఉన్నాడు. మీటింగ్‌లో "కేబుల్ ఎవరు వేశారు" అని అడిగితే అందరూ వాడి వైపు చూశారు. వేయమన్నది నేనే అని అక్కడే చెప్పాను. వాడు నన్ను అడిగాకే వేశాడు మరి. ఇప్పుడు వాడే ఇంకో సైట్‌లో ఫోర్‌మన్. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ట్రేల జాగ ఉందంటున్నరు, నేను ఒద్దన్న" అన్నాడు. "ఎంత జాగ ఉంది?" అని అడిగాను. "జాగ కాదన్నా, గాలి" అన్నాడు.