తిరగరాసే ముందు మూడు లైన్లు

2023 డిసెంబర్‌లో వచ్చిన మిచౌంగ్ తుఫాను గుర్తుందా? అది తీరం దాటే ముందు వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరిక సారాంశం ఇది: నెల్లూరు, మచిలీపట్నం మధ్య, బాపట్లకు దగ్గరగా, 5వ తేదీ మధ్యాహ్నం లోపు తీరం దాటే అవకాశం ఉంది. గాలి వేగం గంటకు 90-100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110.

దీన్ని మైపాడులో వేటకెళ్లే వాళ్లకి వాట్సాప్‌లో పంపాలనుకోండి. "సింపుల్‌గా రాయి" అని ఫ్రెండ్‌కి ఇస్తే ఏమొస్తుంది? "రేపు పొద్దున నెల్లూరులో తుఫాను, 110 స్పీడ్, జాగ్రత్త!" చదవడానికి బాగుంది, కానీ చోటు మారింది, 90-100 పోయింది, "అవకాశం" కూడా ఎగిరిపోయింది.

నిజంగా ఏమైందంటే, అది బాపట్ల దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య తీరం దాటింది. "పొద్దున్నే అయిపోతుంది" అని నమ్మినవాడు పన్నెండింటికి పడవ చూసుకోడానికి ఒడ్డుకి వెళ్లుంటే?

అందుకే ముందు ఈ మూడు లైన్లు రాసివ్వండి.

ఎవరికి: పడవల వాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి.
ఎలా: ఇంట్లో అన్న చెప్పినట్టు, భయపెట్టకుండా, గట్టిగా.
మారకూడనివి: చోటు, తేదీ, రెండు వేగాలు, "అవకాశం" అనే మాట, "వేటకు వెళ్లొద్దు".

ఇప్పుడు ఇలా వస్తుంది: "అన్నా, వేటకు వెళ్లొద్దు. తుఫాను 5న మధ్యాహ్నం లోపు నెల్లూరు, మచిలీపట్నం మధ్య, బాపట్ల దగ్గర దాటే అవకాశం ఉంది. టైం మారొచ్చు. గాలి 90-100, ఒక్కోసారి 110. తగ్గిందని అధికారులు చెప్పేదాకా ఒడ్డుకి రావద్దు."

పంపే ముందు మూడో లైన్‌లో ఉన్నవి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడండి. ఒకటి కనబడకపోయినా పంపొద్దు.