హోటల్‌కి ఇన్సూరెన్స్ ఉంది, మరి డబ్బులు ఎందుకు తక్కువ వచ్చాయి?

ఈరోజు మా బావ హోటల్ సంగతి చెప్తాను. నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, కానీ బావ పాలసీ నేను చేసింది కాదు. హోటల్ పెట్టేటప్పుడు లోన్ తీసుకున్నాడు, బ్యాంకువాళ్లే ఫైర్ పాలసీ చేయించారు. కాగితం ఫైల్లో పెట్టేశాడు, మళ్లీ తీసి చూడలేదు.

ఒక రాత్రి తందూరీ పొయ్యి మీద నుంచి నిప్పురవ్వ లేచి చిమ్నీ గొట్టంలోకి వెళ్లింది. లోపల నెలల తరబడి పేరుకున్న జిడ్డు అంటుకుంది. ఫైరింజన్ వచ్చేలోపు కిచెన్ సగం పోయింది. దేవుడి దయ, మనుషులకి ఏం కాలేదు. నష్టం 5 లక్షలు. బావ ఫోన్ చేసి, "ఏం భయం లేదు బామ్మర్దీ, 12 లక్షల పాలసీ ఉంది" అన్నాడు.

సర్వేయర్ వచ్చాడు. కాలినవాటినే కాదు, కాలనివాటిని కూడా లెక్క రాసుకున్నాడు. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, ఫర్నిచర్, సరుకు, అన్నీ కలిపి విలువ 20 లక్షలు తేలింది. పాలసీ మాత్రం 12 లక్షలకే ఉంది. ఎందుకంటే బ్యాంకు తన లోన్ ఎంతో అంతకే చేయించింది. అంటే బావ 100 రూపాయల సామానులో 60 రూపాయలకే ఇన్సూరెన్స్ తీసుకున్నట్టు. అందుకని కంపెనీ కూడా నష్టంలో 60 శాతమే లెక్కేసింది. 5 లక్షలకి 3 లక్షలు. మిగతా 2 లక్షలు అక్క గాజులు తాకట్టు పెట్టి తెచ్చారు.

దీన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. "నా నష్టం 5 లక్షలే కదా, పాలసీ 12 లక్షలు కదా" అంటే కుదరదు. చిన్న హోటళ్లకి ఇప్పుడు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉంటే అది తీసుకోవచ్చు. అందులో విలువ 15 శాతం వరకు తగ్గించి రాసినా కోత పెట్టరు. బావది 40 శాతం తక్కువ, అందుకే ఆ వెసులుబాటు దొరకలేదు.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. మంటలకి కరెంటు తీసేశారు. డీప్ ఫ్రీజర్ కాలలేదు గానీ లోపలున్న చికెన్ అంతా పాడైంది. చల్లదనం పోయి పాడైన సరుకు మామూలు ఫైర్ పాలసీలో రాదు, విడిగా కవర్ తీసుకోవాలి. అలాగే షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ మోటార్ ఒక్కటే కాలితే ఇవ్వరు. ఆ మంట పాకి పక్క సామాను కాలితే, ఆ సామానుకి ఇస్తారు.

హోటల్ మళ్లీ తెరిచాక బావకి పాలసీలు నేనే చేశాను. దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరు. తాళం పగలగొట్టి, షట్టర్ వంచి లోపలికి వచ్చిన గుర్తు ఉండాలి. గల్లాపెట్టెలో డబ్బు మన కుర్రాడే తీసుకెళ్తే అది ఇందులో రాదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని ఇంకోటి ఉంది.

బావ దగ్గర ఆరుగురు పనిచేస్తారు, ఈఎస్ఐ లేదు. మరుగుతున్న నూనె మీద పడితే పరిహారం కట్టాల్సింది బావే. అందుకే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకున్నాం. "నలుగురే అని రాయి, ప్రీమియం తగ్గుద్ది" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. రేపు దెబ్బ తగిలేది లెక్కలో లేని ఐదోవాడికి అయితే?

చివరిది ఫుడ్ పాయిజనింగ్. దీనికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకుని, అందులో తినే పదార్థాల కవర్ కలిపించుకోవాలి. బిర్యానీ తిన్నవాళ్లు ఆస్పత్రి పాలై కేసు వేస్తే, మనది తప్పని తేలితే, పరిహారం, లాయర్ ఖర్చు అందులోంచి వస్తాయి. ఫుడ్ సేఫ్టీవాళ్లు వేసే జరిమానా రాదు. పాడైందని తెలిసీ వడ్డిస్తే రాదు. ఇంకో మాట: కస్టమర్ గొడవ చేస్తే కంగారుపడి "తప్పు మాదే, ఖర్చంతా ఇస్తాం" అని వాట్సాప్‌లో రాసివ్వకండి. ముందు మనిషిని ఆస్పత్రికి చేర్చండి, వెంటనే కంపెనీకి చెప్పండి. వాళ్లని అడక్కుండా ఒప్పుకుంటే క్లెయిమ్‌కి అడ్డం పడుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా హోటల్ ఉంటే ఈ రాత్రి ఒక పని చేయండి. ఫోన్ తీసుకుని కిచెన్ అంతా వీడియో తీయండి. ఒక్కో వస్తువు ఈరోజు కొత్తది కొంటే ఎంతో పక్కన రాయండి. మొత్తం కూడి, పాలసీలో 'సమ్ ఇన్సూర్డ్' అని ఉన్న అంకె పక్కన పెట్టి చూడండి. మా బావ ఆ పని నిప్పంటుకున్నాక చేశాడు.