ఏ భాషలో నింపినా లెక్క ఒక్కటే

కంటి వైద్య శిబిరం కోసం తెలుగు, ఇంగ్లీషుల్లో నమోదు ఫారం తయారుచేస్తున్నారనుకోండి. జిల్లా పేరు ఎవరికి వారే రాస్తే, గుంటూరును ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో, మరొకరు స్పెల్లింగు మార్చి రాస్తారు. కంప్యూటరు వాటిని మూడు జిల్లాలుగా లెక్కపెడుతుంది. అందుకే జాబితా ఇచ్చి ఎంచుకోమనండి. తెరమీద పేరు ఏ భాషలో కనిపించినా, లోపల నమోదయ్యేది గుంటూరుకు కేటాయించిన ఒకే కోడ్ కావాలి. పేరులో అక్షరదోషం ఎప్పుడైనా దిద్దవచ్చు. కోడ్‌ను మాత్రం మధ్యలో మరో జిల్లాకు ఇవ్వకండి, పాత జవాబుల అర్థమే మారిపోతుంది. ముందుగా ఒకే వ్యక్తి వివరాలను రెండు భాషల్లోనూ నింపి చూడండి. ఎంపిక ప్రశ్నలకు జవాబుల పట్టికలోని ఆ రెండు వరుసల్లోనూ అవే కోడ్‌లు వస్తే, ఆ వరుసలు తీసేసి నమోదు మొదలుపెట్టండి.